ఉప్పు, కలరా ఉండ, ఇసుక, రాగి: స్ఫటిక ఘనపదార్థాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ పిల్లలకు ఘనస్థితి పాఠం చెప్పిన ప్రతి ఏడాదీ ఇవే సందేహాలు వస్తాయి. పట్టిక బట్టీ పట్టినవాళ్లకే ఎక్కువగా వస్తాయి. అందుకే ఒకచోట రాసి పెట్టాను. ప్రశ్నల్ని పిల్లలు అడిగిన మాటల్లోనే ఉంచాను. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## పాఠం మొదలుపెట్టేటప్పుడు

నాలుగు రకాలు అంటారు. అసలు దేన్నిబట్టి విడదీశారు?

రెండు విషయాలు చూసి విడదీశారు. స్ఫటికంలో వరుసగా పేర్చి ఉన్న కణాలు ఏవి, వాటిని పక్క కణంతో పట్టి ఉంచేది ఏది. ఉప్పులో పేర్చి ఉన్నవి అయాన్లు. ధన, రుణ ఆవేశాల మధ్య ఆకర్షణ వాటిని పట్టి ఉంచుతుంది. కాబట్టి అది అయానిక ఘనపదార్థం. బీరువాలో బట్టల మధ్య వేసే కలరా ఉండలో, అంటే నాఫ్తలీన్‌లో, పేర్చి ఉన్నవి పూర్తి అణువులు. అణువుకీ అణువుకీ మధ్య ఉన్నది బలహీనమైన ఆకర్షణే. ఇది అణు ఘనపదార్థం. ఇసుక రేణువులో, అంటే క్వార్ట్జ్‌లో, పరమాణువు నుంచి పరమాణువుకి సమయోజనీయ బంధం రేణువు ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగకుండా సాగుతుంది. ఇది జాలక ఘనపదార్థం. రాగి తీగలో రాగి అయాన్లు వరుసగా ఉంటాయి, వాటన్నిటికీ ఉమ్మడి సొత్తుగా ఎలక్ట్రాన్లు వాటి మధ్య తిరుగుతుంటాయి. ఇది లోహ ఘనపదార్థం.

ఇక్కడ ఒక మాట జాగ్రత్త. మనం మాట్లాడేటప్పుడు అణువు, పరమాణువు అనే మాటల్ని ఒకదాని బదులు ఇంకొకటి వాడేస్తాం. ఈ పాఠంలో మాత్రం అలా చేస్తే మొత్తం తారుమారవుతుంది. ఇసుకలో పరమాణువులు ఉన్నాయి, విడి అణువులు లేవు.

ఉప్పులో NaCl అణువు ఉండదా? మరి NaCl అని ఎందుకు రాస్తున్నాం?

ఉండదు. ఉప్పు గింజ లోపల ఒక సోడియం అయాన్ దగ్గర మీరు నిలబడ్డారనుకోండి. పైన, కింద, ముందు, వెనక, కుడి, ఎడమ, ఆరు వైపులా ఆరు క్లోరైడ్ అయాన్లు సరిగ్గా ఒకే దూరంలో కనిపిస్తాయి. ఆ దూరం 0.282 నానోమీటర్లు. ఈ ఆరింటిలో "నా జత" అని ఒకదాన్ని వేరు చేయడానికి ఏ ఆధారమూ లేదు. ప్రతి క్లోరైడ్ చుట్టూ కూడా అలాగే ఆరు సోడియంలు ఉంటాయి. NaCl అనే ఫార్ములా చెప్పేది నిష్పత్తి మాత్రమే: ఒకటికి ఒకటి.

పిల్లలకే కాదు, పెద్ద పెద్ద రసాయన శాస్త్రవేత్తలకు కూడా ఇది మింగుడు పడలేదు. 1913లో లారెన్స్ బ్రాగ్ ఎక్స్ కిరణాలతో ఉప్పు నిర్మాణాన్ని తేల్చాడు. ఆ తర్వాత 14 ఏళ్లకు కూడా హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త, ఉప్పును చదరంగం బల్లలా చూపించడం ఏమిటని నేచర్ పత్రికకు కోపంగా ఉత్తరం రాశాడు. కాబట్టి మీకు మొదటిసారి వింతగా అనిపిస్తే అది తప్పేమీ కాదు.

గాజు కూడా ఇసుకతోనే చేస్తారు కదా, దాన్ని ఈ నాలుగింటిలో దేనిలో వేయాలి?

దేనిలోనూ వేయకూడదు. గాజులోనూ సిలికాన్, ఆక్సిజన్ బంధాలే ఉన్నాయి, కానీ వాటికి వరుస లేదు. అది అస్ఫటికం. తేడా వేడి చేసినప్పుడు తెలిసిపోతుంది. స్ఫటికం ఒక నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర కరుగుతుంది, గాజు మాత్రం మెల్లమెల్లగా మెత్తబడుతూ పోతుంది. గాజులు చేసేవాళ్లు గాజును సాగదీసి వంచగలుగుతున్నది ఆ మెత్తబడే దశలోనే.

## వేడి చేసినప్పుడు

ఉప్పు నీళ్లలో చిటికెలో కరిగిపోతుంది. దాని ద్రవీభవన స్థానం 801 డిగ్రీలు అంటారేంటి?

ఈ గందరగోళానికి సగం కారణం మన మాటే. మంచు కరిగింది అంటాం, ఉప్పు నీళ్లలో కరిగింది అంటాం. రెండూ వేర్వేరు పనులు. మొదటి దానిలో వేడి ఒక్కటే స్ఫటికాన్ని విడగొడుతుంది. రెండో దానిలో నీటి అణువులు వచ్చి అయాన్లను ఒక్కొక్కటిగా ఊడదీసుకుపోతాయి.

లెక్క చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఒక మోల్ ఉప్పులోని అయాన్లను ఒకదానికొకటి పూర్తిగా దూరం చేయాలంటే సుమారు 787 కిలోజౌళ్లు ఖర్చవుతుంది. దీన్నే జాలక శక్తి అంటాం. నీళ్లలో వేసినప్పుడు నీటి అణువులు ప్రతి అయాన్‌నీ చుట్టుముడతాయి. నీటి అణువుకి ఒక వైపు కొంచెం ధనం, ఇంకో వైపు కొంచెం రుణం ఉంటుంది కాబట్టి సోడియంకి ఒక వైపు, క్లోరైడ్‌కి ఇంకో వైపు తిప్పి అతుక్కుంటాయి. అలా అతుక్కున్నప్పుడు సుమారు 783 కిలోజౌళ్లు తిరిగి వచ్చేస్తుంది. ఖర్చులో దాదాపు మొత్తం చేతికి వచ్చినట్టే. మిగిలిన ఆ నాలుగు కిలోజౌళ్లను ఉప్పు నీళ్ల నుంచే తీసుకుంటుంది. చెల్లాచెదురుగా కలిసిపోవడానికి అయాన్లకు సహజంగా ఉండే మొగ్గు మిగతా పని పూర్తి చేస్తుంది.

పొయ్యి మీద పెట్టినప్పుడు ఇలా తిరిగి ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. అందుకే 801 డిగ్రీల దాకా వెళ్లాల్సి వస్తుంది.

సమయోజనీయ బంధం చాలా బలమైనది అని చెప్పారు. మరి నాఫ్తలీన్ 80 డిగ్రీలకే ఎందుకు కరిగిపోతుంది?

కరిగేటప్పుడు తెగేది ఆ బంధం కాదు కాబట్టి. నాఫ్తలీన్ అణువులో పది కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు ఉన్నాయి. ఘనంగా ఉన్నా, ద్రవంగా ఉన్నా, బీరువా తెరవగానే ముక్కుకి తగిలే వాయువుగా ఉన్నా ఆ పద్దెనిమిదీ కలిసే ఉంటాయి. విడిపోయేది అణువు నుంచి అణువే.

నాఫ్తలీన్ అణువులను ఒకదాని నుంచి ఒకటి పూర్తిగా విడదీసి వాయువుగా చేయడానికి మోల్‌కి 72 కిలోజౌళ్లు చాలు. ఉప్పు అయాన్లకు కావలసింది 787. ఈ తేడా వల్లే కలరా ఉండ మామూలు గది వేడికే నెలల తరబడి తరిగిపోయి చివరికి మాయమవుతుంది. పరీక్షలో "సమయోజనీయ బంధం బలహీనం కాబట్టి ద్రవీభవన స్థానం తక్కువ" అని రాసిన పేపర్లు నేను ప్రతి ఏడాదీ చూస్తున్నాను. అది తప్పు. "అణువుల మధ్య ఆకర్షణ బలహీనం కాబట్టి" అని రాయాలి. ఏ పదార్థం గురించి అడిగినా ముందు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: ఇది కరిగేటప్పుడు తెగేది ఏది?

CO₂ వాయువు, SiO₂ రాయి. ఆవర్తన పట్టికలో కార్బన్, సిలికాన్ ఒకే గ్రూపు కదా?

ఫార్ములాలు ఒకేలా ఉండటమే ఇక్కడ మోసం చేస్తుంది. కార్బన్ చిన్న పరమాణువు, ఆక్సిజన్‌తో గట్టి ద్విబంధం ఏర్పరచగలదు. అటు ఒక ఆక్సిజన్, ఇటు ఒక ఆక్సిజన్, దాంతో దాని నాలుగు చేతులూ నిండిపోయాయి. అణువు పూర్తయింది. ఆ అణువుల మధ్య ఆకర్షణ ఎంత తక్కువంటే, గడ్డకట్టిన CO₂ సున్నాకి 78 డిగ్రీలు కిందే నేరుగా వాయువైపోతుంది.

సిలికాన్ కాస్త పెద్దది, ఆక్సిజన్‌తో ద్విబంధం దానికి అంత లాభం కాదు. అది నాలుగు ఆక్సిజన్లతో నాలుగు ఏకబంధాలు పెట్టుకుంటుంది. ఆ ప్రతి ఆక్సిజన్ ఇంకో సిలికాన్‌ని పట్టుకుంటుంది. ఇలా పట్టుకుంటూ పోతే ఎక్కడా ముగింపు లేదు, రేణువు అంచు తప్ప. దాన్ని కరిగించాలంటే అసలు బంధాలే తెగాలి. అందుకే 1,700 డిగ్రీలు దాటితే గానీ కరగదు.

NaCl, MgO రెండిటి నిర్మాణం ఒకటే అన్నారు. ఒకటి 801 డిగ్రీలకు, ఇంకోటి 2,852 డిగ్రీలకు కరగడం ఏంటి?

నిర్మాణం ఒకటే, రెండిటిలోనూ ప్రతి అయాన్ చుట్టూ ఆరు వ్యతిరేక అయాన్లు. అందుకే ఇది పోల్చడానికి చక్కటి జత. మారినవి రెండే: ఆవేశం, దూరం.

ఆకర్షణ శక్తి ఆవేశాల లబ్ధాన్నిబట్టి పెరుగుతుంది. ఉప్పులో 1 × 1, మెగ్నీషియం ఆక్సైడ్‌లో 2 × 2. అంటే నాలుగు రెట్లు. దూరం పెరిగితే ఆ శక్తి తగ్గుతుంది. ఉప్పులో అయాన్ల మధ్య దూరం 0.282 నానోమీటర్లు, మెగ్నీషియం ఆక్సైడ్‌లో 0.21. 0.282ని 0.21తో భాగిస్తే సుమారు 1.34. నాలుగుని 1.34తో గుణిస్తే 5.4 వస్తుంది. పుస్తకాల్లో ఇచ్చే జాలక శక్తులు సుమారు 787, 3,800 కిలోజౌళ్లు. వాటి నిష్పత్తి 4.8. కాగితం మీద రెండు లైన్ల లెక్కకి ఇది బాగా దగ్గరగా వచ్చినట్టే.

అయితే ద్రవీభవన స్థానాలు ఇదే నిష్పత్తిలో పెరుగుతాయని అనుకోవద్దు. కెల్విన్‌లోకి మార్చితే 1,074, 3,125. నిష్పత్తి మూడు కూడా లేదు. కరిగినప్పుడు అయాన్లు ఒకదాన్నొకటి వదిలి వెళ్లిపోవు. వరుస చెదిరిపోతుంది, అంతే. ద్రవంలో కూడా అవి పక్కపక్కనే ఉంటాయి. కాబట్టి ఏది ముందు కరుగుతుందో జాలక శక్తి చెప్పగలదు గానీ ఎన్ని డిగ్రీలకో చెప్పలేదు.

లోహాలకు ఒక రూలంటూ లేదా? పాదరసం ద్రవం, టంగ్‌స్టన్ మాత్రం 3,422 డిగ్రీల దాకా కరగదు.

ఉప్పుకి పనిచేసినంత శుభ్రమైన రూలు లేదు. ఉమ్మడి ఎలక్ట్రాన్లలోకి ఒక్కో పరమాణువు ఎన్ని ఇస్తే పట్టు అంత గట్టిగా ఉంటుందనేది మొదటి ఊహ. సోడియం ఒకటి ఇస్తుంది, 98 డిగ్రీలకు కరుగుతుంది. మెగ్నీషియం రెండు ఇస్తుంది, 650 డిగ్రీలు. ఇంతవరకు బాగుంది. అల్యూమినియం మూడు ఇస్తుంది, కానీ 660 దగ్గరే ఆగిపోయింది. ఊహ అక్కడ తడబడుతుంది. టంగ్‌స్టన్ లాంటి లోహాల్లో డీ ఎలక్ట్రాన్లు కూడా బంధంలో పాల్గొంటాయి కాబట్టి పట్టు విపరీతంగా పెరుగుతుంది. పాదరసం మాత్రం తన బయటి ఎలక్ట్రాన్లను దగ్గరే బిగించి ఉంచుకుంటుంది, అందుకే సున్నాకి 39 డిగ్రీలు కిందికి వెళ్తే గానీ గడ్డకట్టదు. "లోహం కాబట్టి ద్రవీభవన స్థానం ఎక్కువ" అని మాత్రం రాయకండి.

చక్కెర ద్రవీభవన స్థానం పుస్తకానికొకటి ఎందుకుంటుంది?

చక్కెర కరిగేలోపే దాని అణువులు విరిగిపోవడం మొదలవుతుంది. పాకం గోధుమ రంగులోకి తిరగడం, ఆ వాసన రావడం అణువు లోపలి మార్పులే. ఎంత నెమ్మదిగా వేడి చేశారన్నదాన్నిబట్టి అంకె మారిపోతుంది. చక్కెర కూడా అణు ఘనపదార్థమే, కానీ దాని అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు చాలా ఉన్నాయి. అందుకే కలరా ఉండలా 80 డిగ్రీలకు లొంగదు.

## కరెంటు సంగతి

ఉప్పు గడ్డలో అయాన్లు ఉన్నాయి కదా, ఆవేశం ఉన్నప్పుడు కరెంటు ఎందుకు పోదు?

ఆవేశం ఉంటే చాలదు, అది కదలాలి. గడ్డలో ప్రతి అయాన్ ఆరు వ్యతిరేక అయాన్ల మధ్య ఇరుక్కుని ఉన్న చోటే వణుకుతుంటుంది, పక్క చోటికి పోలేదు. ఎలక్ట్రాన్లు కూడా ఏ అయాన్‌వి ఆ అయాన్‌కే పరిమితం. 801 డిగ్రీలు దాటి కరిగాక అయాన్లకు దారి దొరుకుతుంది, సోడియం రుణధ్రువం వైపు, క్లోరైడ్ ధనధ్రువం వైపు నడుస్తాయి. సోడియం లోహాన్ని పరిశ్రమల్లో తీసేది ఇలాగే. అంత వేడి పెట్టలేక ఉప్పులో కాల్షియం క్లోరైడ్ కలిపి సుమారు 600 డిగ్రీలకే కరిగేలా చేస్తారు.

ఒక అందమైన మినహాయింపు ఉంది. సిల్వర్ అయొడైడ్‌ని 147 డిగ్రీలు దాటిస్తే, ఘనంగా ఉంటూనే కరెంటును బాగా పోనిస్తుంది. అయొడైడ్ అయాన్లు వరుసలో నిలబడే ఉంటాయి, చిన్నవైన వెండి అయాన్లు మాత్రం వాటి మధ్య ఖాళీల్లోంచి దూరిపోతుంటాయి. కదలగలగడమే అసలు షరతు అనడానికి ఇంతకన్నా మంచి రుజువు నాకు తెలియదు.

వజ్రం, గ్రాఫైట్ రెండూ కార్బనే. ఒకదానిలో కరెంటు పోదు, ఇంకోదానిలో పోతుంది. ఎలా?

వజ్రంలో ప్రతి కార్బన్ నాలుగు కార్బన్లను పట్టుకుంది. నాలుగు ఎలక్ట్రాన్లూ బంధాల్లో ఖర్చయిపోయాయి, తిరగడానికి ఒక్కటీ మిగల్లేదు. గ్రాఫైట్‌లో ప్రతి కార్బన్ మూడింటినే పట్టుకుని పలచటి పొరగా పరుచుకుంటుంది. నాలుగో ఎలక్ట్రాన్ పొర అంతటికీ చెందుతుంది, పొర వెంబడి పరిగెత్తగలదు. పొరకీ పొరకీ మధ్య దూరం 0.335 నానోమీటర్లు, పొర లోపల కార్బన్ల మధ్య దూరం 0.142 మాత్రమే. అందుకే పొర వెంబడి కరెంటు బాగా పోతుంది, అడ్డంగా చాలా తక్కువ.

పెన్సిల్‌ని రెండు చివర్లా చెక్కి మల్టీమీటర్ ఆనించి చూడండి, రీడింగ్ వస్తుంది. పెన్సిల్‌లో బంకమట్టి కూడా కలుపుతారు కాబట్టి బ్రాండునిబట్టి, గట్టిదనాన్నిబట్టి అంకె మారుతుంది.

వేడి చేస్తే రాగిలో వాహకత తగ్గుతుంది, సిలికాన్‌లో పెరుగుతుంది. ఒకటే వేడి కదా?

రాగిలో తిరిగే ఎలక్ట్రాన్లు ముందునుంచే ఉన్నాయి. వేడి చేస్తే వాటి సంఖ్య పెరగదు, అయాన్ల వణుకు మాత్రం పెరిగి ఎలక్ట్రాన్లకు అడ్డు తగులుతుంది. డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున నిరోధం పెరుగుతుంది. సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు బంధాల్లో బందీలుగా ఉంటాయి, వేడి కొన్నిటిని విడిపిస్తుంది. అడ్డు ఇక్కడా పెరుగుతుంది గానీ, విడుదలయ్యే ఎలక్ట్రాన్ల సంఖ్య దాన్ని మించిపోతుంది.

పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఇంట్లో ఉంటే దాన్ని హోల్డర్‌లోంచి తీసి, చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటర్‌తో కొలవండి. వెలుగుతున్నప్పుడు దాని నిరోధం 230 వోల్టుల లెక్కన 880 ఓమ్‌లు రావాలి. మీటర్ చూపించేది అందులో పదో వంతు కంటే తక్కువే. అది టంగ్‌స్టన్ అనే లోహం చల్లగా ఉన్నందువల్ల.

లోహం, అలోహం కలిస్తే అయానికమే, కరిగిస్తే కరెంటు పోతుంది అని ఖాయంగా రాసేయొచ్చా?

రాయకూడదు. అల్యూమినియం క్లోరైడ్‌ చూడండి. వేడి చేస్తే అది Al₂Cl₆ అనే జంట అణువులుగా విడిపోతుంది, కరిగినా కరెంటును దాదాపు పోనివ్వదు. చిన్నదైన మూడు ఆవేశాల అల్యూమినియం, క్లోరైడ్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుని బంధాన్ని సమయోజనీయం వైపు తిప్పేస్తుంది.

## ల్యాబ్‌లో

ఘన ఉప్పులో కరెంటు పోదన్నారు. మా మల్టీమీటర్ కల్లుప్పు మీద రీడింగ్ చూపించింది!

మీరు కొలిచింది ఉప్పుని కాదు, దాని పైనున్న తడిని. వానాకాలంలో ఉప్పు డబ్బా చెమ్మగిల్లడం అందరికీ తెలుసు. గాలిలోని తేమ ఉప్పు మీద చేరి కంటికి కనిపించనంత పలచటి ఉప్పునీటి పొర అవుతుంది, కరెంటు దాని గుండా పోతుంది. ఆ గడ్డనే పెనం మీద బాగా వేడి చేసి, పొడిగా చల్లారనిచ్చి, వేలు తగలకుండా మళ్లీ కొలవండి. రీడింగ్ పోతుంది. వేడి చేసేటప్పుడు కొంచెం దూరంగా ఉండండి, గింజలు చిటపటమని ఎగురుతాయి. అది ఉప్పు కరగడం కాదు, గింజలో చిక్కుకున్న నీళ్లు ఆవిరై పగలగొట్టడం.

ఉప్పు, చక్కెర, నాఫ్తలీన్ పొడి, తెల్ల ఇసుక లేబుల్ లేకుండా ఇచ్చారు. నోట పెట్టుకోకుండా, వాసన చూడకుండా ఎలా తేల్చాలి?

చిటికెడు చొప్పున నాలుగు పరీక్షనాళికల్లో తీసుకుని ముందు స్వేదనజలం పోసి కలపండి. రెండు కలిసిపోతాయి, రెండు మిగిలిపోతాయి. కలిసిపోయిన రెండిటిలో 9 వోల్టుల బ్యాటరీ, 470 ఓమ్ రెసిస్టర్, ఎల్‌ఈడీ వరుసగా కలిపిన తీగలు ముంచండి. ఎల్‌ఈడీ వెలిగింది ఉప్పు. వెలగనిది చక్కెర, దాని అణువులు నీళ్లలో విడివిడిగా తిరుగుతున్నా వాటికి ఆవేశం లేదు. మిగిలిన రెండిటినీ కొత్తగా పొడిగా తీసుకుని, వేడినీళ్ల గిన్నెలో నాళికలు నిలబెట్టండి. నీళ్లు మరిగేలోపే కరిగింది నాఫ్తలీన్. కదలక మెదలక ఉన్నది ఇసుక.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు బోరు నీళ్లు వాడటం. దానిలో లవణాలు ముందే ఉంటాయి కాబట్టి చక్కెర ద్రావణంలో కూడా ఎల్‌ఈడీ మసకగా వెలుగుతుంది, పిల్లలు కంగారుపడి రెండూ ఉప్పే అని రాస్తారు. ఏమీ కలపని ఉత్త నీళ్లను ముందు పరీక్షించుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

ఇంట్లో హీటర్ రాడ్ కోస్తే లోపల తెల్ల పొడి ఉంది. అదేంటి?

మెగ్నీషియం ఆక్సైడ్. ఇది నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ, ఒకే గొట్టంలో రెండు రకాల ఘనపదార్థాలు పక్కపక్కన పనిచేస్తుంటాయి. మధ్యలో ఉన్నది నైక్రోమ్ తీగ చుట్ట. అది లోహం, దానిలో కరెంటు పారి వేడెక్కుతుంది. బయట ఉన్నది కూడా లోహపు గొట్టమే, అది నీళ్లలో ఉంటుంది. తీగ గొట్టానికి తగిలితే షాక్ కొడుతుంది. మధ్యలో ఏదో ఒకటి కావాలి. అది కరెంటును ఆపాలి, వేడిని మాత్రం బయటికి పంపాలి, ఎర్రగా కాలిన తీగ పక్కన కరగకుండా ఉండాలి. ప్లాస్టిక్, రబ్బరు అక్కడ నిలవవు. మెగ్నీషియం ఆక్సైడ్‌లో అయాన్లు కదలవు, కాబట్టి కరెంటు పోదు. కానీ అవి ఒకదానికొకటి గట్టిగా పట్టుకుని ఉండటం వల్ల ఒక అయాన్ వణుకు పక్కదానికి త్వరగా అందుతుంది, అలా వేడి దాటుతుంది. 2,852 డిగ్రీల దాకా కరిగే భయమూ లేదు.

దాని బలహీనత తేమ. రాడ్ పైచివర సీలు పగిలి నీటి ఆవిరి లోపలికి పోతే పొడి తడిసి ఇన్సులేషన్ పడిపోతుంది. కొన్నాళ్లు వాడని రాడ్ పెట్టగానే ట్రిప్పర్ పడిపోవడానికి ఇదొక కారణం. ప్లగ్ పూర్తిగా తీసేశాక, మల్టీమీటర్‌ని ఎక్కువ ఓమ్‌ల రేంజిలో పెట్టి ఒక కొన ప్లగ్ పిన్నుకీ ఇంకో కొన రాడ్ లోహానికీ ఆనించి చూడండి. ఎర్త్ పిన్నుని మాత్రం వదిలేయాలి, అది రాడ్ లోహానికే కలిపి ఉంటుంది. ఏదైనా అంకె కనిపిస్తే ఆ రాడ్‌ని ఇక బకెట్‌లో పెట్టకండి. ఏమీ చూపించకపోయినా పూర్తి ధీమా వద్దు: మీటర్ కొలిచేది కొద్ది వోల్టులతోనే, రాడ్ పనిచేసేది 230 మీద.